“అర్ధకోణం వేగ నిష్పత్తికి విలోమానుపాతంలో ఉంటుంది”: ఈ వాక్యం సరైనదేనా?

సుజాత, సీతమ్మధార

హైస్కూలు పిల్లల కోసం రాసిన ఒక చిన్న సైన్సు పుస్తకం ప్రూఫులు దిద్దుతున్నాను. ఈ వాక్యం దగ్గర ఆగిపోయాను: “ధ్వని కన్నా వేగంగా పోయే జనకం వెనక ఏర్పడే ఆఘాత శంకువు అర్ధకోణం, వేగ నిష్పత్తికి విలోమానుపాతంలో ఉంటుంది.” చదవడానికి సాఫీగానే ఉంది. కానీ పక్కన బొమ్మ లేదు, ఉదాహరణ లేదు. అర్ధకోణం అంటే దేనిలో సగం? నిష్పత్తిలో ఏది పైన, ఏది కింద? విలోమానుపాతం అన్న మాట ఇక్కడ నిలుస్తుందా? తెలిసినవారు చెప్పండి. వాక్యం మార్చే అవకాశం నాకుంది.

రమణ, గాజువాక

సుజాతగారూ, శంకువును కొన మీదుగా నిలువునా కోస్తే రెండు అంచులు కనిపిస్తాయి. ఆ రెండు అంచుల మధ్య ఉన్న కోణంలో సగం అన్నమాట. అంటే విమానం పోయే దారికీ, ఒక అంచుకూ మధ్య ఉన్న కోణం. ఇంటర్ లెక్కల్లో దీన్ని ‘అర్ధ శీర్షకోణం’ అని చదువుకున్నాం. ఆ మాటే పెట్టండి, పిల్లలకు పైతరగతుల్లో మళ్ళీ ఎదురవుతుంది. ఇక విమానం వేగం పెరిగేకొద్దీ శంకువు సన్నబడుతుంది కాబట్టి విలోమానుపాతం అనడంలో తప్పు లేదు. సూత్రం cos θ = ధ్వని వేగం / విమాన వేగం అని గుర్తు.

శర్మ, ఎంవీపీ కాలనీ

ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. రమణగారు అర్ధ శీర్షకోణం గురించి చెప్పింది పూర్తిగా సరైనది. మిగతా రెండింటితో నేను ఏకీభవించను.

కాగితం మీద ఒక గీత గీయండి. అది విమానం దారి. విమానం A దగ్గర ఉన్నప్పుడు పుట్టిన చప్పుడు అన్ని వైపులకూ గోళంలా వ్యాపిస్తుంది. t సెకన్ల తర్వాత ఆ గోళం వ్యాసార్ధం ct. ఈలోగా విమానం vt దూరం పోయి B దగ్గర ఉంటుంది. v ఎక్కువ కాబట్టి B ఆ గోళానికి బయట పడుతుంది. ఇప్పుడు B నుంచి గోళానికి స్పర్శరేఖ గీయండి. అదే శంకువు అంచు. వ్యాసార్ధం స్పర్శరేఖకు లంబంగా ఉంటుంది కాబట్టి లంబకోణ త్రిభుజం వస్తుంది. దాని కర్ణం విమానం పోయిన దూరం vt. B దగ్గరి కోణానికి ఎదురుగా ఉన్న భుజం ct. అందుకని:

sin θ = ct / vt = c / v = 1 / M

t రెండు వైపులా కొట్టివేయబడింది చూడండి. అందుకే దారిలో ప్రతి చోటా పుట్టిన గోళాలన్నీ ఒకే అంచును తాకుతాయి, శంకువు తిన్నగా వస్తుంది. M అంటే విమాన వేగాన్ని ధ్వని వేగంతో భాగించగా వచ్చేది, మాక్ సంఖ్య. పిల్లలు దీన్ని తలకిందులు చేశారేమో తెలుసుకోవడం తేలిక. sin θ విలువ ఒకటి దాటిందంటే నిష్పత్తి తిరగబడిందన్నమాట.

ఇక విలోమానుపాతం. M ఒకటి అయితే కోణం 90 డిగ్రీలు. రెండు అయితే 30. మూడు అయితే 19.5, నాలుగు అయితే 14.5. వేగం ఒకటి నుంచి రెండుకు రెట్టింపయినప్పుడు కోణం సగం కాలేదు, మూడో వంతుకు పడిపోయింది. విలోమానుపాతంలో ఉన్నది కోణం కాదు, దాని సైన్. చాలా ఎక్కువ వేగాల దగ్గర కోణం బాగా చిన్నదై రెండూ దాదాపు కలిసిపోతాయి, అంతే.

రమణ, గాజువాక

మాస్టారూ, సైన్ అన్నది ఒప్పుకుంటున్నాను. కానీ కాస్ నేను ఊహించి రాసింది కాదు. ఎక్కడో చదివాను.

శర్మ, ఎంవీపీ కాలనీ

చదివే ఉంటారు. నీటిలో కాంతి వేగం కన్నా జోరుగా పోయే ఎలక్ట్రాన్లు వెదజల్లే నీలి కాంతి, చెరెంకోవ్ కాంతి, గురించి చెప్పేటప్పుడు కాస్ రాస్తారు. అక్కడ కొలిచేది దారికీ, కాంతి కిరణం పోయే దిశకూ మధ్య ఉన్న కోణం. కిరణం అంచుకు లంబంగా పోతుంది కాబట్టి రెండు కోణాలూ కలిపితే 90. మాక్ సంఖ్య రెండు అయితే అంచు కోణం 30, చప్పుడు ముందుకు వాలి పోయే దిశ కోణం 60. బొమ్మ ఒకటే, ఏ కోణానికి పేరు పెట్టారన్నదే తేడా. మీ సూత్రంలో M ఒకటి అయితే కోణం సున్నా అవుతుంది, వేగం పెరిగితే కోణం పెరుగుతుంది. శంకువు సన్నబడుతుందని పైన మీరే సరిగ్గా రాశారు. ఆ మాటకూ ఈ సూత్రానికీ పొసగదు.

స్వాతి, అక్కయ్యపాలెం

నాకు అసలు ప్రశ్నే అర్థం కావడం లేదు. విమానం ధ్వని వేగం దాటిన ఆ ఒక్క క్షణంలో ఢాం అని పేలుతుంది కదా, ఆ తర్వాత కోణంతో పనేముంది? నేవీ డే రోజు ఆర్కే బీచ్‌లో యుద్ధవిమానం తల మీదుగా పోతే గుండె అదిరింది. దాని చుట్టూ తెల్లటి శంకువు కూడా కనిపించింది, ఫోన్‌లో వీడియో ఉంది. ఆ కోణాన్ని కొలిస్తే వేగం తెలిసిపోదా?

శర్మ, ఎంవీపీ కాలనీ

స్వాతిగారూ, మీ ప్రశ్న వల్ల ఆ పుస్తకంలో ఉండవలసిన ఉదాహరణే దొరికింది.

ముందు వీడియో సంగతి. జనం మీదుగా చేసే విన్యాసాల్లో సాధారణంగా ధ్వని వేగం దాటనివ్వరు. మీరు విన్నది ఇంజను గర్జన. ఆ తెల్లటిది మేఘం. విమానం మీదుగా గాలి పారే చోట ఒత్తిడి, దాంతో పాటు ఉష్ణోగ్రత హఠాత్తుగా పడిపోతాయి. మన సముద్రపు గాలిలో తేమ బాగా ఉంటుంది కాబట్టి ఆ తేమ చుక్కలుగా మారి కనిపిస్తుంది. ధ్వని వేగానికి కొంచెం దిగువన కూడా అది ఏర్పడుతుంది. దాని అంచు మాక్ శంకువు అంచు కాదు, కొలిచినా వేగం రాదు.

ఇప్పుడు పేలుడు. ధ్వని వేగం దాటాక విమానం ఆ వేగంలో ఉన్నంతసేపూ శంకువును వెంట లాక్కుపోతూనే ఉంటుంది. అంచు మిమ్మల్ని తాకినప్పుడు మీకు ఢాం అని వినిపిస్తుంది. కాసేపటికి ముందున్న ఊరివాళ్ళకు వినిపిస్తుంది. లెక్క వేద్దాం. ఒక విమానం 10 కిలోమీటర్ల ఎత్తున, మాక్ 2 వేగంతో తీరం వెంబడి భీమిలి వైపు పోతోందనుకోండి. అంత ఎత్తున చలి వల్ల ధ్వని వేగం సెకనుకు దాదాపు 300 మీటర్లు. విమానం వేగం 600. కోణం 30 డిగ్రీలు.

ఆర్కే బీచ్‌లో మీ నడినెత్తి మీదికి వచ్చినప్పుడు మీకేమీ వినిపించదు. అంచు మిమ్మల్ని తాకేసరికి విమానం 10 / tan 30°, అంటే 17.3 కిలోమీటర్లు ముందుకు పోయి ఉంటుంది. ఋషికొండ ఎప్పుడో దాటేసింది. 17,300ను 600తో భాగిస్తే దాదాపు 29 సెకన్లు.

చాలామంది ఇక్కడ 10,000ను 300తో భాగించి 33 సెకన్లు అంటారు. నడినెత్తిన ఉన్నప్పుడు పుట్టిన చప్పుడు తిన్నగా కిందికి రావడానికి పట్టే కాలం అది. కానీ మీరు మొదట వినేది ఆ చప్పుడు కాదు. విమానం మీ దగ్గరికి ఇంకా 5.8 కిలోమీటర్లు రావలసి ఉండగా పుట్టింది. అది 60 డిగ్రీల వాలుగా 11.5 కిలోమీటర్లు ప్రయాణించి, తర్వాత పుట్టిన చప్పుడు కన్నా ముందు మిమ్మల్ని చేరింది. పైన రమణగారి కాస్ కోణం పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే.

అప్పలరాజు, భీమిలి

మాస్టారూ, చిన్నప్పటి నుంచి బోటు మీద పెరిగినవాణ్ణి. బోటు వెనక నీటిలో రెండు పాయలుగా అల విప్పుకుంటుంది కదా, ఇదీ అదే లెక్కా? అలా అయితే ఒక అనుమానం. ఇంజను జోరు పెంచినా ఆ పాయల మధ్య వెడల్పు మారినట్టు నాకెప్పుడూ అనిపించలేదు. వేటకు పోయేటప్పుడూ అంతే, ఖాళీగా తిరిగొచ్చేటప్పుడూ అంతే.

శర్మ, ఎంవీపీ కాలనీ

అప్పలరాజుగారూ, మీరు చూసింది నిజం. చాలా పుస్తకాలు మాక్ శంకువును చెప్పడానికి పడవ అలను చూపిస్తాయి, అందుకే ఈ చిక్కు. గాలిలో చప్పుడు, సన్నదైనా బొంగురుదైనా, ఒకే వేగంతో పోతుంది. లోతైన నీటి మీద అలలు అలా కాదు. పొడుగు అల జోరుగా, పొట్టి అల నెమ్మదిగా పోతాయి. పడవ వేగం ఏదైనా దానికి తగ్గ అల పొడుగు ఏదో ఒకటి కుదురుతుంది. దాంతో అర్ధకోణం దాదాపు 19.5 డిగ్రీల దగ్గరే నిలుస్తుంది. కెల్విన్ ఈ లెక్క తేల్చింది 1887లో. మాక్, సాల్షర్ కలిసి తూటా ముందు ఏర్పడే ఆఘాత తరంగం ఫోటోలు ప్రచురించిందీ ఆ ఏడే.

ఇంకో మాట. పైన మాక్ 3కి వచ్చిన కోణం కూడా 19.5 డిగ్రీలే. సైన్ మూడో వంతు కావడం రెండు చోట్లా జరిగింది. దాన్ని చూసి పడవ అల కన్నా మూడు రెట్లు వేగంగా పోతోందని అనుకోకూడదు.

అప్పలరాజు, భీమిలి

మరి ఋషికొండ దగ్గర తిరిగే స్పీడ్ బోట్ల వెనక పాయ సన్నగా ఉంటుందే?

శర్మ, ఎంవీపీ కాలనీ

ఉంటుంది. పడవ పొడుగుతో పోలిస్తే వేగం మరీ ఎక్కువైనప్పుడు కంటికి కనిపించే పెద్ద అలలు లోపలి వైపుకు జరుగుతాయి. ఎందుకన్నది 2013 నుంచీ పరిశోధకుల మధ్య వాదన నడుస్తోంది. నేను ఒక పక్షం చెప్పలేను.

సుజాత, సీతమ్మధార

చాలా మేలు చేశారు. వాక్యం ఇలా మారుస్తున్నాను: “శంకువు అర్ధ శీర్షకోణం సైన్ విలువ, ధ్వని వేగాన్ని జనకం వేగంతో భాగిస్తే వచ్చే సంఖ్యకు సమానం.” ‘వేగ నిష్పత్తి’ తీసేశాను. ఏది పైనో చెప్పకుండా ఆ మాట వాడటం పిల్లలకు అన్యాయం. విమానం ఉదాహరణ కూడా పెడతాను. మాస్టారూ, 29 సెకన్లని ధైర్యంగా అచ్చు వేయొచ్చా?

శర్మ, ఎంవీపీ కాలనీ

‘సుమారు’ అని తప్పకుండా రాయండి. కిందికి వచ్చేకొద్దీ గాలి వేడెక్కుతుంది. మన ఊళ్ళో 30 డిగ్రీల ఎండలో ధ్వని వేగం సెకనుకు 349 మీటర్లు. అందుకని చప్పుడు పోయే దారి కిందికి వస్తూ వస్తూ పైకి వంగుతుంది, అసలు శంకువు అంచు మనం గీసినంత తిన్నగా ఉండదు. వేగం మాక్ ఒకటిని కొద్దిగానే దాటితే, సుమారు 1.15 లోపు, ఆ వంపు వల్ల పేలుడు నేలను చేరకుండానే పైకి తిరిగిపోవచ్చు. ఇంకొకటి, ఈ సూత్రం బలహీనమైన తరంగానికి. విమానం ముక్కు దగ్గర తరంగం బలంగా ఉంటుంది కాబట్టి అక్కడి కోణం దీనికన్నా పెద్దది. దూరం పోయి నీరసించాకే ఈ విలువకు దిగుతుంది.

రమణ, గాజువాక

సుజాతగారూ, ‘వేగ నిష్పత్తి’ తీసేయడం నాకు నచ్చలేదు. ‘జనక వేగానికీ ధ్వని వేగానికీ నిష్పత్తి’ అంటే ఏది ముందో తెలుస్తూనే ఉంది కదా. దాని వ్యుత్క్రమం అంటే చాలు. భాగిస్తే వచ్చే సంఖ్య అని రాస్తే మరీ కిందితరగతి పుస్తకంలా ఉంది.

సుజాత, సీతమ్మధార

ఏడో తరగతి పిల్లకు రెండు వాక్యాలూ చదివించి చూస్తాను రమణగారూ. ఏది చదివి కోణం సరిగ్గా కడితే అదే ఉంచుతాను.