అనువాదం సగంలో ఉండగా ఇంగ్లీషు ఫైలు మార్చేశారు, Compare చేస్తే అంతా ఎరుపే

సుజాత (ఎంవీపీ కాలనీ):
మధ్యాహ్నం నుంచి దీనిమీదే కూర్చున్నాను, తల తిరిగిపోతోంది. క్రేన్ భద్రత మాన్యువల్ తెలుగులోకి చేస్తున్నాను. సగం దాటాక క్లయింటు "చిన్న చిన్న మార్పులు చేశాం" అని కొత్త ఫైలు పంపారు. ఎక్కడెక్కడో చెప్పలేదు. వర్డ్‌లో Compare చేస్తే మొదటి పేజీ నుంచి చివరిదాకా ఎరుపే. సోమవారం ఇచ్చెయ్యాలి. దారి చెప్పండి.

వాసు:
Compare కాదు, Combine వాడండి.

రమణ (డాబాగార్డెన్స్):
ఇది ఫాంట్ గొడవేనమ్మా. మా డీటీపీ షాపులో రోజూ చూస్తుంటాం. అను ఫాంట్లలో కొట్టిన మేటరు, యూనికోడ్ మేటరు పక్కపక్కన పెడితే ఒక్క అక్షరం కలవదు. ముందు అంతా యూనికోడ్‌లోకి మార్చుకోండి.

సుజాత:
రమణ గారూ, పోలుస్తున్నవి రెండూ ఇంగ్లీషు ఫైళ్లేనండి.

పద్మజ:
ముందు డబ్బు సంగతి తేల్చుకోండి. మూలం మారితే అది కొత్త పనే. ఎన్ని పదాలు మారాయో లెక్కకట్టి, దానికి వేరే రేటు అని మెయిల్ పెట్టాకే ఫైలు ముట్టుకోండి. మనం ఊరుకోబట్టే వాళ్లు నాలుగోసారి కూడా మారుస్తారు.

భాస్కర్ (గాజువాక):
సుజాత గారూ, రెండు విషయాలు చెప్పండి. కొత్త ఫైలు వర్డా, పీడీఎఫ్ఫా? మొదట పంపిన ఇంగ్లీషు ఫైలు ముట్టుకోకుండా ఉందా?

సుజాత:
కొత్తది పీడీఎఫ్. వర్డ్‌లో తెరిచి సేవ్ చేశాను. పాతది వర్డే, మెయిల్లో అలాగే ఉంది. దాని కాపీలో ఇంగ్లీషు చెరిపేస్తూ తెలుగు కొడుతున్నాను.

భాస్కర్:
చిక్కు అక్కడే ఉంది. పీడీఎఫ్‌ను వర్డ్‌లో తెరిస్తే పేరాలు ఎక్కడపడితే అక్కడ విరుగుతాయి, పేజీ పైనా కిందా ఉండే హెడర్లు మేటర్లో కలిసిపోతాయి. మాటలు మారకపోయినా వర్డ్‌కి అంతా మారినట్టే కనిపిస్తుంది. వర్డ్ ఫైలే అడగండి. ఇవ్వకపోతే పాత ఫైలును కూడా పీడీఎఫ్‌గా సేవ్ చేసి, దాన్ని మళ్లీ వర్డ్‌లో తెరిచి, ఆ రెండింటినీ పోల్చండి. రెండూ ఒకేలా విరుగుతాయి కాబట్టి ఎరుపు చాలావరకు తగ్గుతుంది.

Review → Compare లో More నొక్కి Formatting, White space టిక్కులు తీసెయ్యండి.

వాసు:
నేను ఎప్పుడూ Combine తోనే చేస్తాను. రెండూ ఒకటే.

భాస్కర్:
ఒకటి కాదండి. ఒకే ఫైలును ఇద్దరు దిద్దినప్పుడు, ఎవరి దిద్దుబాటు ఎవరిదో చూపిస్తూ ఒకచోటికి చేర్చడానికి Combine. పాతదానికీ కొత్తదానికీ తేడా కావాలంటే Compare.

వాసు:
నాకైతే పని జరుగుతోంది.

పద్మజ:
ఇంత శ్రమ దేనికి? ట్రాక్ ఛేంజెస్‌తో పంపమనండి, రంగులో ఉన్నవి మారిస్తే సరి.

భాస్కర్:
పంపితే మంచిదే, కానీ దాన్నే నమ్ముకోవద్దు. మధ్యలో ఎవరో ట్రాకింగ్ ఆపేసి దిద్దితే ఆ మార్పుకి గుర్తే ఉండదు. వచ్చిన ఫైలు కాపీలో Accept All Changes కొట్టి, మీ దగ్గరున్న పాతదాంతో మీరే పోల్చుకోవాలి.

సుజాత:
ఫోన్ చేస్తే వర్డ్ ఫైలు పంపారు. ఇప్పుడు ఎరుపు అక్కడక్కడే ఉంది! కానీ వేలాడుతున్న బరువు గురించిన పేరా ఒకచోట మొత్తం కొట్టేసినట్టు, రెండు పేజీల తర్వాత అదే కొత్తగా చేర్చినట్టు వస్తోంది. నా తెలుగు పేరా కత్తిరించి అక్కడ అతికించనా?

భాస్కర్:
అతికించండి, కానీ ఊరుకోకండి. పేరా ఉన్నదున్నట్టు జరిగితే వర్డ్ సాధారణంగా ఆకుపచ్చలో చూపిస్తుంది. కొట్టేసి మళ్లీ చేర్చినట్టు వచ్చిందంటే లోపల ఏదో మారి ఉండొచ్చు. ఆ రెండు పేరాలు మాత్రమే చెరో ఖాళీ ఫైల్లో పెట్టి మళ్లీ Compare చెయ్యండి.

సుజాత:
అమ్మో! "3 metres" కాస్తా "5 metres" అయింది. మిగతాదంతా అదే.

భాస్కర్:
క్రేన్ కింద నిలబడేవాడికి ఆ రెండు మీటర్లే ప్రాణం. ఇప్పుడు తెలుగు ఫైల్లో Track Changes ఆన్ చేసి, పోల్చిన ఇంగ్లీషు పక్కన పెట్టుకుని, మారినచోటే దిద్దండి. సరిచూసేవాళ్లు మొత్తం మళ్లీ చదవక్కర్లేదు.

ఇంకొకటి. సెక్షన్ నంబర్లు ఆటోమేటిక్‌గా వచ్చేవైతే అవి మారినా Compare పట్టుకోదు. మధ్యలో కొత్త సెక్షన్ చేరితే 4.3 కాస్తా 4.4 అవుతుంది. మీరు చేత్తో కొట్టిన "4.3 చూడండి" మాత్రం అలాగే ఉండిపోతుంది. వాటిని Ctrl+F తో వెతికి చూసుకోండి. బొమ్మల్లో ఉన్న మాటలు కూడా కళ్లతోనే చూడాలి.

వాసు:
ఒమేగాటీ అనే అనువాద సాఫ్ట్‌వేర్‌లో చేసుంటే కొత్త ఫైలు పడేస్తే సరిపోయేది. మారని వాక్యాలకి తెలుగు దానంతటదే వచ్చేస్తుంది.

భాస్కర్:
అది నిజమే వాసు గారూ. కాకపోతే మొదటి నుంచీ అందులో చేసి ఉండాలి. వర్డ్‌లో చేసిన సగాన్ని ఇప్పుడు వాక్యం వాక్యం జతచెయ్యడానికే ఆదివారం సరిపోతుంది.

పద్మజ:
రేటు సంగతి అడిగారా లేదా?

సుజాత:
ఇంకా లేదండి. భాస్కర్ గారూ, థాంక్సండి. బరువుల పట్టికలో మాత్రం ఒక నిలువు వరస చేర్చారు, అక్కడ అడ్డవరసలన్నీ ఎర్రగానే ఉన్నాయి. దానికేమైనా ఉపాయం ఉందా?

రమణ:
పట్టిక అయితే పేజ్‌మేకర్లో కొట్టించుకోండమ్మా.