'సముద్రం వైపు' అని రాసిన గదిలోంచి సముద్రం కనిపించకపోతే?

సాగరతీరం: విశాఖ బీచ్ రోడ్డుకు ఒక వీధి వెనుక మాకు 14 గదుల హోటల్ ఉంది. బుకింగ్ సైటులో 8 గదులను 'డీలక్స్, సముద్రం వైపు' అని పెట్టాము. నిజంగా సముద్రం కనిపించేది మూడో అంతస్తులోని రెండింటికే. మిగతా ఆరింటికి ఎదురు అపార్ట్‌మెంటు గోడే. ఈ నెల మూడు రివ్యూల్లో 'మోసం' అన్న మాట చదివి చాలా బాధపడ్డాను. ఎలా మార్చాలి?

ఫ్రంటాఫీసు: అతిథి డబ్బు కట్టేది 302వ గదికి కాదండీ, 'డీలక్స్' అన్న రకానికి. ఆ ఎనిమిదింటిలో ఏ తాళం చేతికిచ్చినా రాసింది నిజం కావాలి. అందుకే వాటిలో అన్నిటికన్నా తక్కువ గదిలో కూర్చుని రాయండి. ఆ రెండు గదులనూ వేరే రకంగా విడదీయండి. విస్తీర్ణం ఎంతని రాశారు?

సాగరతీరం: 170 చదరపు అడుగులు. ఇప్పుడు టేపు పెట్టి చూస్తే గది 10 అడుగులకు 13, అంటే 130. బాత్రూమ్ 40.

ఫ్రంటాఫీసు: రెండూ విడివిడిగా రాయండి. ఆరడుగుల మంచం వేశాక ఇరువైపులా రెండేసి అడుగులే మిగులుతాయి. ముగ్గురికి ఇస్తున్నట్లయితే అదనపు పరుపు వేసి ఫొటో తీయండి. సూట్‌కేసు తెరవడానికి చోటుందో లేదో అందులోనే తెలిసిపోతుంది.

లోయ అంచున: అరకులో మాది హోమ్‌స్టే. విడదీయడం దేనికి? 'కొంతమేర సముద్రం' అని రాసి, డాబా మీద తీసిన ఫొటో పెడితే సరిపోతుంది.

ఫ్రంటాఫీసు: ఆ రెండు గదులకైతే 'కొంతమేర' సరైన మాటే. గోడ కనిపించే ఆరింటికి అది కూడా అబద్ధమే. డాబా ఫొటో పెట్టండి, కింద 'డాబా నుంచి' అని రాయండి.

పసిపాప అమ్మ: 'ప్రశాంతం' అని చదివి ఒకచోట గది తీసుకున్నాను. పక్కనే కల్యాణ మండపం. పాప రాత్రంతా నిద్రపోలేదు. నాకు డబ్బు వాపసు వస్తుందా?

ఫ్రంటాఫీసు: అది వారి రద్దు నిబంధనల మీద ఆధారపడుతుందమ్మా. కానీ మీరు చెప్పింది ఇక్కడ పనికివస్తుంది. 'ప్రశాంతం' అన్న మాటే తీసేయాలి. ఏ శబ్దం, ఎటువైపు నుంచి, ఎప్పటిదాకా అన్నది రాయాలి. సాగరతీరం గారూ, ఒక శనివారం రాత్రి మీరే ఆ గదిలో పడుకోండి. కిటికీ మూసి, ఏసీ ఆపి వినండి. జనరేటర్ కూడా వేయించండి. కరెంటు పోయిన రాత్రి అతిథి వినేది దాన్నే.

సాగరతీరం: పడుకున్నాను. లిఫ్టు పక్క గదిలో తలుపు చప్పుడు తెల్లవారుజాము దాకా వినిపించింది, ఇన్నేళ్లలో నాకు తెలియనే లేదు. ఇలా రాశాను: "గది 130 చదరపు అడుగులు, బాత్రూమ్ 40. ఇద్దరికి సరిపోతుంది. కిటికీకి ఎదురుగా భవనం. సముద్రం కనిపించదు, డాబా మీద నుంచి చూడవచ్చు. కొన్ని గదులకు లిఫ్టు చప్పుడు రాత్రంతా వినిపిస్తుంది; కరెంటు పోతే జనరేటర్ శబ్దం ఉంటుంది."

లోయ అంచున: ఇంత చెబితే ఎవరు వస్తారండీ?

పసిపాప అమ్మ: నేను వస్తాను. లిఫ్టుకు దూరంగా ఉన్న గది కావాలని ముందే అడుగుతాను.

సాగరతీరం: విడదీసిన రెండు గదుల్లో ఒకదాని ఏసీ పాడైతే బుక్ చేసుకున్నవారికి ఏమి ఇవ్వాలో మాత్రం ఇంకా తేలలేదు.