అప్‌డేట్: మానేసిన వాళ్ల లాగిన్‌లపై ఆడిట్ ఫైండింగ్

నా ప్రశ్న: "మానేసిన ఉద్యోగుల లాగిన్‌లు ఇంకా పనిచేస్తున్నాయి. ఫైండింగ్‌లో కారణం దగ్గర ఏం రాయాలి?"

జవాబులిచ్చిన అందరికీ థాంక్స్. చివరికి ఇలా రాశాను.

కండిషన్: పరిశీలించిన 40 మందిలో 9 మంది లాగిన్‌లు, వాళ్లు మానేసి 30 రోజులు దాటినా తీసేయలేదు.

క్రైటీరియా: యాక్సెస్ పాలసీ ప్రకారం చివరి పనిదినం నాడే తీసేయాలి.

అసలు శ్రమంతా కారణం దగ్గరే. "ఐటీ వాళ్లు సకాలంలో తీసేయలేదు" అని రాస్తే కండిషన్‌నే మళ్లీ చెప్పినట్టు అవుతుంది. ఎందుకు తీసేయలేదని అడుగుతూ వెళ్తే, ఆ 9 మందీ కాంట్రాక్ట్ ఉద్యోగులే అని తేలింది. హెచ్‌ఆర్ సిస్టమ్ నుంచి ఐటీకి దానంతటదే సమాచారం వెళ్లేది పర్మనెంట్ వాళ్ల గురించే. కాంట్రాక్ట్ వాళ్ల సంగతి ఎవరు చెప్పాలో ఏ ప్రొసీజర్‌లోనూ లేదు. అదే కారణం.

ఎఫెక్ట్: రెండు లాగిన్‌లకు చెల్లింపులు ఆమోదించే హక్కు ఉంది, కాబట్టి అనధికార చెల్లింపు జరిగే వీలుంది. లాగ్‌లలో దుర్వినియోగం కనబడలేదు. ఆ మాట కూడా రాశాను, లేకపోతే రిస్క్‌ని జరిగిన నష్టంగా చదువుకుంటారు.

సిఫార్సు: ఆ 9 లాగిన్‌లూ వెంటనే తీసేయాలి. అయితే దానితో కండిషన్ మాత్రమే సరవుతుంది. అందుకే, కాంట్రాక్ట్ ముగిసే తేదీని లాగిన్ ఇచ్చేటప్పుడే నమోదు చేసి, ఆ రోజు అది ఆగిపోయేలా పెట్టమన్నాను. ఆ తేదీకన్నా ముందే ముగిసే కాంట్రాక్టుల గురించి ఐటీకి చెప్పే బాధ్యత మేనేజర్‌కి అప్పగించమన్నాను. ఐటీ హెడ్ ఒప్పుకుని గడువు కూడా ఇచ్చారు.