బెట్టింగ్‌కి అప్పులడిగే స్నేహితుడికి తోడుండేదెలా?

ప్రశ్న: నా ఫ్రెండ్ జీతం నెలకి 34,000. ఐపీఎల్ మొదలైందగ్గర్నుంచీ మ్యాచ్ రోజు సాయంత్రం ‘అర్జెంటురా, ఓ 5,000 కొట్టు, రేపిచ్చేస్తా’ అని ఫోన్. ఇప్పటికి నాకే 60,000 బాకీ. ఇవ్వనంటే లోన్ యాప్ వాళ్లు ఇంటిమీదకి వస్తారంటాడు. వాడి భార్యకి ఏమీ తెలీదు. స్నేహం పోకూడదు, వాడి పందేలకి నా డబ్బు పోకూడదు. ఏం చెయ్యాలి?

గోదారోడు: తమ్ముడూ, డబ్బు చేతికివ్వొద్దు, అంతే. ఇంటద్దె ఓనరుకే కట్టు, పిల్లల ఫీజు స్కూల్లోనే కట్టు. ఇల్లు నిలబడుతుంది, పందెం ఆగుతుంది.

మూర్తి: 60,000కి ముందు ప్రోనోటు రాయించుకోండి. మూడేళ్లలోపు కోర్టుకి వెళ్లొచ్చు.

సుజాత: మూర్తిగారూ, ఆయన అడిగింది వసూలు గురించి కాదండీ. పైగా ఇప్పుడు గట్టిగా అడిగితే, మీ బాకీ తీర్చడానికే ఆ అబ్బాయి ఇంకో పెద్ద పందెం కాస్తాడు. ‘పాతది నెలకింత అని తర్వాత మాట్లాడుకుందాం, కొత్తది మాత్రం ఇవ్వను’ అని ఒక్కసారి, మ్యాచ్ లేని పూట, ఎదురుగా కూర్చుని చెప్పాలి. ఫోన్ వచ్చిన ఏడింటికి బేరమాడుతూ కాదు.

గోదారోడు గారి మాట సగం నిజం. 9,000 అద్దె మీరు కడితే, అద్దె కోసం పక్కన పెట్టాల్సిన 9,000 అతని జేబులోనే ఉంటుంది, బెట్టింగ్‌కి పోతుంది. ముందు జీతం దారి మార్చాలి. జీతం పడిన రోజే ఇంటిఖర్చు, ఫీజు, ఈఎంఐలకి సరిపడా భార్య ఖాతాకో అమ్మ ఖాతాకో దానంతటదే వెళ్లేలా బ్యాంకులో పెట్టించాలి. ఏటీఎం కార్డు లాక్కున్నంత మాత్రాన లాభం లేదు, ఫోన్‌లో యూపీఐ ఉంటుంది కదా. రోజువారీ లిమిట్ తగ్గించుకోవాలి, క్రెడిట్ కార్డు లిమిట్ కూడా. ఇవన్నీ అతని చేత్తోనే జరగాలి, పక్కన మీరు కూర్చోవచ్చు. ఇంత జరిగాక కూడా ఫీజుకి తక్కువైతే, అప్పుడు నేరుగా స్కూల్లో కట్టండి.

కరీంనగర్ కుర్రాడు: మా అన్న సంగతి చెప్తా. ఇంట్లో అరెకరం అమ్మి మొత్తం 4 లక్షలు ఒకేసారి కట్టినం. అందరం ఊపిరి పీల్చుకున్నం. మళ్లీ సీజన్ వచ్చేసరికి మళ్లీ అప్పులే. పాత బాకీలు తీరినయి కాబట్టి యాప్‌లు ఇంకా ఎక్కువ లోన్ ఇచ్చినయి! ఒక్కసారే తీర్చెయ్యకండి. అన్నట్టు, 2025 చట్టంతో డబ్బులాటల యాప్‌లు బంద్ అయినయి కదా, ఇంకెక్కడ ఆడుతుండు?

సుజాత: యాప్‌లు పోయినా టెలిగ్రామ్‌లో ‘ఐడీ’ ఇచ్చేవాళ్లు, ఊళ్లో బుకీలు ఉన్నారు కదా. ఆ కేంద్ర చట్టం శిక్ష వేసేది ఆట నడిపేవాళ్లకీ ప్రచారం చేసేవాళ్లకీ, ఆడినవాళ్లకి కాదు. కానీ ఏపీ, తెలంగాణ గేమింగ్ చట్టాల కింద ఆడినవాళ్ల మీదా కేసు పెట్టొచ్చు. అయినా ఆ భయంతో ఇంట్లో దాచుకోవద్దని అతనికి చెప్పండి. పందెం బాకీని బుకీ కోర్టులో వసూలు చేసుకోలేడు కూడా.

ఒక గుర్తు చెప్తాను. హఠాత్తుగా 10,000 తెచ్చి మీ బాకీలో జమ చేస్తే సంతోషించకండి, ముందు ఆ డబ్బు ఎక్కడిదో అడగండి. జీతం తేదీన చిన్న మొత్తం క్రమంగా వస్తుంటే అది మంచి లక్షణం.

ఎప్పుడైనా ‘చచ్చిపోతా’ అంటే నాటకం అనుకోవద్దు, డబ్బూ పంపొద్దు. వెంటనే వెళ్లి పక్కనుండండి, ఒంటరిగా వదలొద్దు. 14416కి ఫోన్ చెయ్యండి, అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు, ఉచితం. అంతదాకా రాకముందే ఇద్దరూ కలిసి చేసినా పర్లేదు.

ప్రశ్న అడిగినవారు: జీతం సంగతి ఒప్పించగలను అనుకుంటున్నా, అమ్మ ఖాతా అంటే ఒప్పుకుంటాడు. వాళ్లావిడకి చెప్పాలా వద్దా అన్నదే టెన్షన్.

గోదారోడు: చెప్పెయ్. ఆవిడ బంగారం ఇప్పటికే తాకట్టులో ఉండొచ్చు.

సుజాత: నేనైతే ముందు అతనికే ఓ గడువిస్తా. ‘ఆదివారంలోగా నువ్వే చెప్పు, నేను పక్కనుంటా’ అని. వెనకనుంచి చెబితే ఇక మీకు నిజం చెప్పడు.

కరీంనగర్ కుర్రాడు: అక్కా, మా అన్నకీ గడువిచ్చినం. ఆ వారంలోనే వదిన గొలుసు పోయింది. నేను గోదారన్న పక్కనే.

సుజాత: అయితే గడువు వారం కాదు, రెండ్రోజులు చెయ్యండి. ఆలోగా బంగారం ఎక్కడుందో మాత్రం అడగండి.

గోదారోడు: రెండ్రోజులు కూడా ఎక్కువే అంటాను. రేపు మ్యాచ్ ఉంది.