HALT అన్‌డిసైడబుల్ అని చూపాలంటే రిడక్షన్ ఎటు నుంచి ఎటు?

గేట్_రెండోసారి

ఇంటర్నల్ పరీక్షలో ప్రశ్న: "A_TM అన్‌డిసైడబుల్ అని తెలుసు. దాన్ని వాడి HALT కూడా అన్‌డిసైడబుల్ అని నిరూపించండి." నేను HALT ని A_TM లోకి రిడ్యూస్ చేశాను. M రిజెక్ట్ చేసే చోట యాక్సెప్ట్ చేసేలా మార్చాను. నిర్మాణంలో తప్పు లేదని మాస్టారే అన్నారు, అయినా పదికి సున్నా వేశారు. రెండు సమస్యలూ ఒకదానిలోకి ఒకటి మారతాయి కదా, దిశ ఎటైతే ఏం?

గోదారిగట్టు

సున్నా అన్యాయం తమ్ముడూ. A_TM అడిగేది మెషిన్ ఆ ఇన్‌పుట్‌ని యాక్సెప్ట్ చేస్తుందా అని, HALT అడిగేది అసలు ఆగుతుందా అని. ఇందులోంచి అందులోకీ, అందులోంచి ఇందులోకీ మార్చవచ్చని అందరికీ తెలుసు. రెండు వైపులా నిజమైనప్పుడు ఒక వైపు చూపించినవాడికి మార్కులు ఎందుకు పోవాలి? పైగా రిడక్షన్ అంటేనే తగ్గించడం. తెలియని సమస్యని తెలిసిన సమస్యకి తగ్గించడం మనం చిన్నప్పటి నుంచి లెక్కల్లో చేస్తున్నదే. నువ్వు చేసిందీ అదే.

టేపుచివర

గోదారిగట్టు గారూ, చిక్కంతా మీ చివరి మాటల్లోనే ఉంది. లెక్కల్లో తెలియనిదాన్ని తెలిసినదాని దగ్గరికి తెస్తాం, ఎందుకంటే తెలిసినదాన్ని చేయగలం. ఇక్కడ A_TM గురించి మనకు తెలిసింది దాన్ని చేయలేమని. చేయలేనిదాని దగ్గరికి HALT ని తీసుకెళ్తే HALT గురించి ఏం తెలిసినట్టు?

ఒక సంఖ్య సరిసంఖ్యా కాదా అన్న ప్రశ్న తీసుకోండి. దాన్ని కూడా A_TM లోకి మార్చవచ్చు. సంఖ్య సరి అయితే, ఏది ఇచ్చినా యాక్సెప్ట్ చేసే మెషిన్‌ని రాసిస్తాను. బేసి అయితే, ఏది ఇచ్చినా రిజెక్ట్ చేసే మెషిన్‌ని రాసిస్తాను. రిడక్షన్‌లో ఏ లోపమూ లేదు. తమ్ముడి వాదనని ఒప్పుకుంటే సరిసంఖ్యని గుర్తుపట్టడం కూడా అన్‌డిసైడబుల్ అయిపోతుంది. ఎవరి రిడక్షన్ అయినా సరైన వైపు ఉందో లేదో అనుమానం వస్తే నేను ముందు ఈ సరిసంఖ్యని పెట్టి చూస్తాను.

కావలసింది ఇది. HALT కి జవాబు చెప్పే డిసైడర్ ఉందనుకుని, దాని సాయంతో A_TM కి జవాబు రాబట్టాలి. A_TM కి జవాబు చెప్పే డిసైడర్ ఉండదని ముందే తెలుసు, కాబట్టి HALT డిసైడర్ కూడా ఉండదు. అంటే చేతిలో ఉన్న ప్రశ్న A_TM ది, దాన్ని మార్చి అడగాల్సింది HALT ని. రాసేటప్పుడు `A_TM ≤m HALT`.

చిన్న మెషిన్ ఒకటి తీసుకుందాం. పని చేసే స్టేట్ ఒక్కటే, `q0`. మొదటి గడిలో 0 ఉంటే యాక్సెప్ట్, 1 ఉంటే రిజెక్ట్, ఖాళీ గడి ఉంటే `q0` లోనే ఉండి కుడికి జరగడం. `01` ఇస్తే యాక్సెప్ట్ అవుతుంది. `10` ఇస్తే రిజెక్ట్. ఏమీ ఇవ్వకపోతే ఖాళీ గడుల మీద కుడికి పోతూనే ఉంటుంది. ఈ మూడు ఇన్‌పుట్లలో `01` దగ్గర, ఖాళీ దగ్గర A_TM, HALT ఒకే జవాబు చెబుతాయి. `10` దగ్గర మాత్రం విడిపోతాయి: ఆగుతుంది, కానీ యాక్సెప్ట్ చేయదు. రెండు దిశల్లోనూ మనం సరిచేయాల్సింది ఆ ఒక్క చోటునే.

A_TM నుంచి HALT కి వెళ్లేటప్పుడు `10` మీద ఆగకుండా చేయాలి:

```python
def M1(x):
    if M(x):
        return True
    while True:
        pass
```

ఇప్పుడు M1 ఆగిందంటే M యాక్సెప్ట్ చేసినట్టే. M రిజెక్ట్ చేసినా, లూప్‌లో పడినా M1 ఆగదు. HALT నుంచి A_TM కి వెళ్లేటప్పుడు దీనికి తలకిందులు, `10` ని యాక్సెప్ట్ చేయించాలి:

```python
def M2(x):
    M(x)
    return True
```

తమ్ముడు పరీక్షలో రాసింది M2. అడిగింది M1.

రాత్రిషిఫ్ట్

ఇదంతా థియరీలో బాగానే ఉంటుంది గానీ, నేను రోజూ చేసే పనే ఇది. రాత్రిపూట బ్యాచ్ జాబులు నడుస్తాయి, అవి ఆగుతాయా లేదా అని కూర్చుని చూడం. 30 నిమిషాల టైమ్‌అవుట్ పెడతాం, దాటితే చంపేస్తాం. ఆగుతుందో లేదో తేల్చడం అసాధ్యం అని ఎలా అంటారు?

టేపుచివర

మీరు తేలుస్తున్నది 30 నిమిషాల్లో ఆగుతుందా అన్నది. దానికి నడిపి చూస్తే చాలు, జవాబు తప్పకుండా వస్తుంది. HALT లో గడువు లేదు. 31వ నిమిషంలో ముగిసే జాబునీ, ఎప్పటికీ ముగియని జాబునీ మీ టైమ్‌అవుట్ ఒకే గాటన కడుతుంది.

కానీ మీ పని ఇక్కడ బాగా పనికొస్తుంది. జాబు ముగిసిందా అన్నది HALT. ఎగ్జిట్ కోడ్ 0 తో ముగిసిందా అన్నది A_TM. మీ దగ్గర ఈ రెండూ విడివిడిగా చూస్తారు కదా?

రాత్రిషిఫ్ట్

చూస్తాం. ముగిసింది కానీ ఫెయిలైంది అన్నదానికే రాత్రి ఫోన్ వస్తుంది. అలా చూస్తే మీ రెండు మెషిన్లూ నాకు ర్యాపర్ స్క్రిప్టుల్లా కనిపిస్తున్నాయి. మొదటిది:

```sh
job "$1" || while :; do :; done
```

జాబు సక్సెస్ అయితేనే స్క్రిప్ట్ ముగుస్తుంది. రెండోది:

```sh
job "$1"; exit 0
```

జాబు ఎలా ముగిసినా సక్సెస్ అనే చెబుతుంది. ఈ రెండోదానిలో ఒకసారి దెబ్బతిన్నాను. స్క్రిప్ట్ పైన `set -e` ఉంటే, జాబు ఫెయిల్ కాగానే స్క్రిప్ట్ అక్కడే ఆ ఎర్రర్ కోడ్‌తో ఆగిపోతుంది, `exit 0` దాకా రాదు. మీ లెక్కలో `10` ని యాక్సెప్ట్ చేయాల్సింది పోయి రిజెక్టే చేస్తుంది.

పాఠం_చెప్పే_మేడమ్

రాత్రిషిఫ్ట్ గారు చెప్పిన పొరపాటుకి టేపు మీద సరిగ్గా జోడీ ఉంది, మా పిల్లల పేపర్లలో ఏటా కనిపిస్తుంది. టేపుచివర గారి మెషిన్‌లో 1 కి బాణం గీయకుండా వదిలేశారనుకోండి. చాలా పుస్తకాల్లో గీయని బాణం అంటే రిజెక్ట్ అనే అర్థం. పిల్లలు బొమ్మలో రిజెక్ట్‌కి వెళ్లే బాణాలన్నీ వెతికి `q_loop` కి తిప్పుతారు, గీయని బాణం కంటికి కనిపించదు కాబట్టి అలాగే మిగిలిపోతుంది. అప్పుడు M1 కి `10` ఇస్తే రిజెక్ట్ చేసి ఆగుతుంది, రిడక్షన్ విరిగిపోతుంది. ముందు గీయని బాణాలన్నీ రిజెక్ట్‌కి గీయాలి, ఆ తర్వాతే తిప్పాలి. `q_loop` లో ఏ గుర్తు చదివినా అక్కడే ఉండి కుడికి జరగాలి.

రెండో పొరపాటు ఇంకా పెద్దది. "ముందు M ని w మీద నడిపి చూస్తాం, యాక్సెప్ట్ చేస్తే ఈ మెషిన్ రాస్తాం, లేకపోతే ఆ మెషిన్ రాస్తాం" అని మొదలుపెడతారు. M లూప్‌లో పడితే ఆ రాయడం ఎప్పటికీ పూర్తికాదు, అంటే అది రిడక్షనే కాదు. మార్పు చేసేవాడు M ని నడపడు. రాత్రిషిఫ్ట్ గారు జాబుని నడపకుండానే దాని చుట్టూ ఒక లైను రాసిచ్చారు చూడండి, అంతే పని. w ని ముట్టుకోనే అక్కర్లేదు.

ఇక గోదారిగట్టు గారి "తగ్గించడం" మాట. క్లాసులో నేను ఆ మాట వాడటం మానేశాను. A ని B కి తగ్గించాం అనగానే B చిన్నది, తేలికైనది అని పిల్లల మనసులో పడిపోతుంది. నిజానికి B కనీసం A అంత కష్టం అని కదా తేలేది. "A ప్రశ్నని B ప్రశ్నగా మార్చి అడుగుతాం" అంటాను.

టేపుచివర

మేడమ్, నాకు "తగ్గించడం" ఉండాలనే అనిపిస్తుంది. తగ్గేది A మీద మన భారం. B చేసేవాడు దొరికితే A కి ఇక చేయాల్సింది కొంచెమే. ఆ మాట తీసేస్తే పుస్తకంలో రిడక్షన్ అని చూసినప్పుడు పిల్లలు మళ్లీ తడబడతారు.

గేట్_రెండోసారి

దిశ అర్థమైంది అన్నా. ఇంకొక సందేహం. మా ఫ్రెండ్ మెషిన్‌ని మార్చలేదు. "HALT డిసైడర్‌ని అడుగుతాను. ఆగదంటే రిజెక్ట్. ఆగుతుందంటే M ని w మీద నడిపి, అది ఏం చెబితే అదే చెబుతాను" అని రాశాడు. వాడికి పదికి పది వచ్చాయి. అది కూడా రిడక్షనేనా? నడపకూడదు అన్నారు కదా మేడమ్?

టేపుచివర

అదీ సరైనదే, కానీ వేరే రకం. వాడు నడిపేది ఆగుతుందని హామీ దొరికాక కాబట్టి ఇరుక్కోడు. 1944లో ఎమిల్ పోస్ట్ రాసిన వ్యాసంలోనే ఈ రకాలు విడివిడిగా కనిపిస్తాయి. మేడమ్ చెప్పినదాన్లో ప్రశ్నని మార్చి ఒక్కసారి అడుగుతాం, వచ్చిన జవాబే మన జవాబు. మీ ఫ్రెండ్ చేసినదాన్లో జవాబు వచ్చాక కూడా పని ఉంటుంది, కావాలంటే దాన్ని తిరగేయవచ్చు కూడా.

ఆ తిరగేసే వీలు దగ్గరే తేడా బయటపడుతుంది. "M ఈ w ని యాక్సెప్ట్ చేయదు" అన్న సమస్యని తీసుకో. HALT డిసైడర్ ఉంటే ఫ్రెండ్ పద్ధతిలో దాన్నీ తేల్చవచ్చు, చివర్లో జవాబు తిరగేస్తే సరి. M1 లాంటి మార్పుతో మాత్రం దాన్ని HALT లోకి తేలేం. HALT లో "అవును" అయితే నడిపి చూస్తే ఎప్పటికైనా తెలుస్తుంది. అలాంటి మార్పే ఉంటే "యాక్సెప్ట్ చేయదు" అన్నదీ ఎప్పటికైనా తెలుస్తుంది. "యాక్సెప్ట్ చేస్తుంది" అన్నది ఎలాగూ తెలుస్తుంది. రెండిటినీ పక్కపక్కన నడిపితే ఏదో ఒకటి తప్పక ఆగుతుంది, A_TM డిసైడబుల్ అయిపోతుంది. కుదరదు. అన్‌డిసైడబుల్ అని చూపడం వరకే అయితే రెండు పద్ధతుల్లో ఏది రాసినా సరిపోతుంది.

ఇంకొకటి. నీ M2 వృథా కాదు. A_TM లో "అవును"లు నడిపి చూస్తే తెలుస్తాయి కాబట్టి, HALT లోవీ అలాగే తెలుస్తాయని అది చూపిస్తుంది. HALT కష్టం A_TM కష్టాన్ని మించదని. HALT అన్‌డిసైడబుల్ అని ముందే ఇచ్చి A_TM గురించి అడిగి ఉంటే, నువ్వు రాసిన అక్షరమక్షరానికీ పూర్తి మార్కులు వచ్చేవి.

గోదారిగట్టు

సరిసంఖ్య ఉదాహరణతో నా మొదటి మాట తప్పని ఒప్పుకుంటున్నాను. రెండు దిశలూ నిజమే అయినా, చూపించింది అడిగినది కానప్పుడు నిరూపణ లేనట్టే. అయినా సున్నా మాత్రం ఒప్పుకోను. `10` లాంటి చోటునే మార్చాలని పట్టుకున్నవాడికి, మెషిన్‌ని సరిగ్గా కట్టినవాడికి కొంతైనా ఇవ్వాలి.

పాఠం_చెప్పే_మేడమ్

నేనైతే రెండు మార్కులు వేసేదాన్ని.

టేపుచివర

నేను వేయను మేడమ్. ఈ ప్రశ్న పరీక్షించేది దిశనే.

గేట్_రెండోసారి

మళ్లీ రాశాను, చూడండి. "ఇన్‌పుట్ <M, w>. M లో గీయని బాణాలన్నీ రిజెక్ట్‌కి గీస్తాను. రిజెక్ట్‌కి వెళ్లే ప్రతి బాణాన్నీ `q_loop` కి తిప్పుతాను. వచ్చిన మెషిన్ M1. అవుట్‌పుట్ <M1, w>. M ఆ w ని యాక్సెప్ట్ చేస్తేనే M1 దాని మీద ఆగుతుంది."

పాఠం_చెప్పే_మేడమ్

బాగుంది బాబూ. ఒక్కటి మిగిలింది. ఇన్‌పుట్‌గా మెషినే కాని చెత్త స్ట్రింగ్ వస్తే? అది A_TM లో ఉండదు, కాబట్టి నీ అవుట్‌పుట్ HALT లో ఉండకూడదు. ఎప్పుడూ ఆగని మెషిన్ ఒకటి దగ్గర పెట్టుకుని, అలాంటప్పుడు దాన్నే రాసివ్వు.