ఏఐఓ కూలర్: గొట్టాలు కిందికే ఉన్నా పంపులోకి గాలి ఎలా చేరుతోంది?

గోదావరి_గట్టు:
అందరికీ నమస్కారం. ఇటీవల ఒక షాపులో అమర్చించుకున్న నా కంప్యూటర్‌లో 240 మి.మీ. రేడియేటర్ ఉన్న ఏఐఓ కూలర్ ఉంది. క్యాబినెట్ ముందు భాగంలో మూడు ఫ్యాన్లకు చోటు ఉండగా, రేడియేటర్‌ను కింది రెండు చోట్లలో, గొట్టాలు కింది వైపు నుంచి వచ్చేలా బిగించారు. పై కప్పుకు బిగిద్దామంటే రేడియేటర్, ఫ్యాన్ కలిపి 52 మి.మీ. మందం వస్తోంది, అది ర్యామ్‌కు తగులుతోంది. రోజూ ఉదయం ఆన్ చేయగానే ప్రాసెసర్ మీద ఉన్న పంపులోంచి బుడబుడమని శబ్దం వస్తుంది, HWiNFOలో పంపు వేగం కూడా నిలకడగా ఉండదు. గొట్టాలు కిందికి ఉంటే గాలి పంపులోకి రాదని చదివాను. మరి ఇలా ఎందుకు జరుగుతోంది?

నల్లరేగడి:
గొట్టాలు కిందికి ఉంటే గాలి పంపులోకి రాదన్నది నిజమే. కాబట్టి బిగింపులో తప్పేమీ లేదు, కూలర్‌లోనే లోపం ఉంది. ఏఐఓలను ఫ్యాక్టరీలో పూర్తిగా నింపి సీలు వేస్తారు కనుక కొత్తదానిలో గాలి ఉండకూడదు. వారంటీ కింద మార్పించుకోండి.

వేసవిగాలి:
రేడియేటర్ ముందు ఉంటే ఫ్యాన్లు బయటి గాలిని లోపలికి లాగేలా ఉండాలి. అవి వెనక్కు తిరిగి ఉన్నాయేమో చూడండి. మా ఇంట్లో అలా మార్చాక ప్రాసెసర్ వేడి బాగా తగ్గింది.

మర_చుట్టు:
వేసవిగాలి గారూ, ఫ్యాన్లు ఊదే గాలి గురించి మీరు చెప్పినది సరైనదే కానీ, ఇక్కడ ప్రశ్న కూలర్ లోపల కూలెంట్‌తో పాటు చిక్కుకున్న గాలి గురించి. నల్లరేగడి గారి మాటకు కూడా ఒక సవరణ అవసరం. వేడికి కూలెంట్ వ్యాకోచించినప్పుడు లోపలి ఒత్తిడి మరీ పెరగకుండా ప్రతి ఏఐఓలోనూ కొంత గాలి ఉంటుంది. పైగా సంవత్సరాలు గడిచేకొద్దీ రబ్బరు గొట్టాల గోడల గుండా నీరు అతి నెమ్మదిగా ఆవిరై పోతూ ఉంటుంది, ఆ మేరకు గాలి చోటు పెరుగుతుంది. గాలి ఉండటం లోపం కాదు. అది ఎక్కడ నిలుస్తుందన్నదే ముఖ్యం. అది ఎప్పుడూ వలయంలో అన్నిటికన్నా ఎత్తైన చోటికే చేరుతుంది.

అందువల్ల గొట్టాలు ఏ దిక్కున ఉన్నాయన్నది రెండో ప్రశ్న. రేడియేటర్ పై అంచు పంపు పై అంచు కన్నా ఎత్తులో ఉందా లేదా అన్నది మొదటి ప్రశ్న. క్యాబినెట్‌ను నిలబెట్టి, నేల నుంచి ఆ రెండు ఎత్తులనూ టేపుతో కొలిచి చెప్పగలరా?

అదే సమయంలో బయోస్‌లో పంపు తగిలించిన AIO_PUMP కనెక్టర్‌ను పూర్తి వేగానికి మార్చి చూడండి. ప్రాసెసర్ వేడిని బట్టి మారేలా పెట్టి ఉంటే, గాలి లేకపోయినా వేగం పైకీ కిందికీ అవుతుంది. పూర్తి వేగంలో పెట్టాక కూడా అంకె ఎగిరి పడుతూ, దానితో పాటే శబ్దం వస్తుంటే అప్పుడు గాలిని అనుమానించాలి.

గోదావరి_గట్టు:
కొలిచాను. పంపు పై అంచు నేల నుంచి 375 మి.మీ. ఎత్తులోనూ, రేడియేటర్ పై అంచు 292 మి.మీ. ఎత్తులోనూ ఉన్నాయి. పూర్తి వేగంలో పెట్టినా ఆన్ చేసిన కొంతసేపు పంపు వేగం ఊగుతూనే ఉంది.

మర_చుట్టు:
కారణం ఆ కొలతల్లోనే ఉంది. మీ పంపు రేడియేటర్ కన్నా 83 మి.మీ. పైన ఉన్నందున వలయంలో అన్నిటికన్నా ఎత్తైన చోటు అదే అయింది. పంపు తిరుగుతున్నంతసేపూ ప్రవాహం బుడగలను కొంత మేర నెట్టుకుపోతుంది. రాత్రి ఆపేశాక అవన్నీ తిరిగి పైకి చేరి పంపు కప్పు కింద నిలుస్తాయి. ఉదయం వినిపించే శబ్దం అదే. పంపు రెక్కలు నీటిని నెట్టినట్లు గాలిని నెట్టలేవు. పైగా దాని బేరింగుకు కందెన కూడా ఆ కూలెంటే కనుక, పొడిగా తిరిగిన ప్రతిసారీ అరుగుదల పెరుగుతుంది.

రేడియేటర్‌ను పై రెండు చోట్లకు జరిపితే చాలు. అది 120 మి.మీ. పైకి వెళ్లి, దాని పై అంచు 412 మి.మీ. ఎత్తుకు, అంటే పంపు కన్నా 37 మి.మీ. పైకి చేరుతుంది. ఆ ఎత్తులో పై ట్యాంకు, సన్నని నాళాల పై భాగం కలిసి గాలికి తగినంత చోటు ఇస్తాయి. కింద ఖాళీ అయిన చోట మామూలు ఫ్యాన్ పెట్టుకోవచ్చు.

గోదావరి_గట్టు:
ధన్యవాదాలండీ. అయితే రేడియేటర్, ఫ్యాన్ల చివరకూ గ్రాఫిక్స్ కార్డు చివరకూ మధ్య ఖాళీ దాదాపుగా లేదు. గొట్టాలు కింది నుంచి వస్తే పంపు వరకు ఎలా తేవాలి? పై వైపు నుంచి వచ్చేలా తిప్పి బిగించవచ్చా?

మర_చుట్టు:
రెండూ కుదురుతాయి. గొట్టాలు కిందే ఉంచాలంటే, కార్డు చివర ముందు కాకుండా, పక్క అద్దం వైపు నుంచి కార్డును చుట్టి పైకి తేవాలి. స్క్రూలు బిగించే ముందే ఒకసారి ఆ దారిలో పెట్టి చూడండి. పంపు దగ్గర మెలిక పడినా, గొట్టం ఎక్కడైనా నొక్కుకుపోయినా ఆ దారి వద్దు.

పై వైపు నుంచి వచ్చేలా పెడితే కూడా గాలి పంపుకు పైనే ఉంటుంది కనుక పంపుకు ప్రమాదం లేదు. అయితే గాలి నిలిచే ట్యాంకులోనే గొట్టాల మూతులు కూడా ఉంటాయి. కూలెంట్ మట్టం ఆ మూతుల దాకా తగ్గిన రోజున బుడగలు నేరుగా గొట్టంలోకి లాగబడతాయి. అందుకే వీలున్నంతవరకు నేను కిందినే ఎంచుకుంటాను.

నల్లరేగడి:
ఎత్తు విషయం ఇప్పుడు అర్థమైంది. కానీ పై నుంచి గొట్టాలు వచ్చేలా బిగించడం ప్రమాదం కాదన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. మా విజయవాడ ఎండల్లో ఏసీ లేని గదిలో కూలెంట్ ఎప్పుడూ వేడిగానే ఉంటుంది, వేడి పెరిగితే గొట్టాల గుండా పోయే నీరు కూడా పెరుగుతుంది. మూడో ఏడాదికో నాలుగో ఏడాదికో మట్టం ఎక్కడ ఉంటుందో బయటి నుంచి చూసి ఎవరూ చెప్పలేరు.

మర_చుట్టు:
ఆ అభ్యంతరం సమంజసమైనదే. ఎన్నేళ్లకు ఆ స్థితి వస్తుందన్నది గొట్టం రబ్బరును బట్టి, వాడే తీరును బట్టి మారుతుంది కనుక అంకె చెప్పలేను.

చిన్నపెట్టె:
నా చిన్న క్యాబినెట్‌లో రేడియేటర్‌కు అడుగు భాగంలో తప్ప చోటే లేదు. ఏ శబ్దమూ లేకుండా నడుస్తోంది. దీన్ని కూడా మార్చాలా?

మర_చుట్టు:
ఇప్పటికి లోపల ఉన్న గాలి తక్కువ కనుక నడుస్తోంది. కానీ పెరిగే ప్రతి బుడగా నేరుగా పంపులోకే చేరే బిగింపు అది. క్యాబినెట్ తయారీదారు అనుమతిస్తే పెట్టెను వేరే పక్కకు తిప్పి నిలబెట్టండి. లేకపోతే గాలితో చల్లబడే కూలరే ఆ పెట్టెకు మేలు. అప్పటివరకు, పని భారం ఉన్నప్పుడు రెండు గొట్టాలనూ చేత్తో తాకి చూస్తుండండి. ఒకటి బాగా వేడిగా, మరొకటి చల్లగా అనిపిస్తే ప్రవాహం తగ్గిందని అర్థం.

గోదావరి_గట్టు:
రేడియేటర్‌ను పైకి జరిపి, గొట్టాలను కింది నుంచే ఉంచి, అద్దం వైపు నుంచి తెచ్చాను. మొదట ఆన్ చేసినప్పుడు శబ్దం ఇంకా ఎక్కువగా వచ్చింది.

మర_చుట్టు:
పంపులో చిక్కుకున్న గాలి ఇంకా రేడియేటర్‌కు చేరలేదు. పంపును పూర్తి వేగంలో ఉంచి, క్యాబినెట్ ముందు భాగం పైకి లేచేలా 45 డిగ్రీల దాకా నెమ్మదిగా వెనక్కి వాల్చండి. ఆ వాలులో రేడియేటర్ అంతా, కింది కొసతో సహా, పంపు కన్నా ఎత్తుకు వస్తుంది. కాసేపు అలాగే పట్టుకుని, మళ్లీ నిలబెట్టి, ఇలా కొన్నిసార్లు చేయండి. గ్రాఫిక్స్ కార్డు బరువైనదైతే మరొకరిని దాన్ని పట్టుకోమనండి, వెనక ఉన్న కేబుళ్లను ముందే వదులు చేసుకోండి.

గోదావరి_గట్టు:
అలాగే చేశాను. రెండోసారి వాల్చినప్పుడు గొట్టంలో గలగలమని శబ్దం సాగి, రేడియేటర్ వైపు వెళ్లి ఆగింది. ఇప్పుడు ఉదయం ఆన్ చేసినా పంపు వేగం ఒకే అంకె చుట్టూ నిలుస్తోంది. అద్దం వైపు గొట్టం మాత్రం కార్డు అంచును కొద్దిగా తాకుతోంది. అక్కడ రబ్బరు ఒరుసుకుపోకుండా ఏమి పెట్టవచ్చో తెలిసినవారు చెప్పగలరు.