ఎల్ బ్రాకెట్: ఫిల్లెట్ మారిస్తే రంధ్రం జరుగుతోంది

కంచరపాలెం_డిప్లొమా: అన్నలూ, సాలిడ్‌వర్క్స్‌లో ఎల్ బ్రాకెట్ వేస్తున్నా. నిలువు కాలు 80, అడుగు కాలు 60, మందం 6, వెడల్పు 50 మి.మీ. లోపలి మూల ఫిల్లెట్ 6 నుంచి 10కి పెంచగానే అడుగు కాలు మీది ఎం8 రంధ్రం 22 నుంచి 26కి జరిగిపోయింది. Mid Plane వాడాలా వద్దా అన్నది కూడా చెప్పండి.

గాజువాక_డిజైనర్: ఫిల్లెట్ ముందే వేసి, అది ముగిసే అంచు నుంచి రంధ్రానికి 10 కొలత ఇచ్చావు తమ్ముడూ. రేడియస్ 4 పెరిగితే ఆ అంచూ 4 జరుగుతుంది, దాంతోపాటే రంధ్రమూ. Front Plane మీద ఎల్ ఆకారం గీసి, బయటి మూలను ఆరిజిన్‌కు కట్టి, 50కి ఎక్స్‌ట్రూడ్ చెయ్. తర్వాత రంధ్రాలు, కొలత నిలువు కాలు వెనక ముఖం నుంచి. ఫిల్లెట్లు ఆఖర్న.

ఆటోనగర్_రాజు: ఇంత తతంగం దేనికి? స్కెచ్‌లోనే మూలలు గుండ్రం చేసేస్తే ఒక్క ఎక్స్‌ట్రూడ్‌తో అయిపోతుంది.

గాజువాక_డిజైనర్: అయిపోతుంది. రేపు ఫిల్లెట్ లేకుండా ఒకసారి చూడాలంటే? విడి ఫీచర్ అయితే Suppress చేస్తే చాలు.

వెల్డింగ్_సత్తిబాబు: మా షాపుకి ఇలాంటి డ్రాయింగులే వస్తాయి. రెండు ప్లేట్లు అతికించే చోట లోపల ఆర్10 అని రాస్తారు. అక్కడ ఉండేది వెల్డు పూస, దాన్ని ఆర్10కి ఎవరు అరగదీస్తారు? ముందు వంచుతారో, అతుకుతారో తేల్చుకోండి బాబూ.

ఆటోనగర్_రాజు: అసలు రంధ్రం జరగడమే మంచిది! ఎం8 వాషర్ బయటి వ్యాసం 16. రంధ్రం 22 దగ్గరే ఉంటే వాషర్ అంచు 14 దగ్గరకు వస్తుంది. ఆర్10 ఫిల్లెట్ ముగిసేది 16 దగ్గర. వాషర్ వంపు ఎక్కి కూర్చుంటుంది. డిజైనర్ గారు ఇది చూసుకోలేదు.

గాజువాక_డిజైనర్: లెక్క కరెక్టే, తీర్పు తప్పు. అవతలి ప్లేటులో రంధ్రం 22 దగ్గరే ఉంటే నీ బోల్టు దిగుతుందా? పన్నెండేళ్లుగా ఫిక్చర్లు చేస్తున్నాను, నాకు వాషర్ సంగతి చెప్పకు. రంధ్రం కదలకూడదు, ఫిల్లెట్టే 8 దాటకూడదు.

ఆటోనగర్_రాజు: అవతలి ప్లేటు ఉందని ఆ అబ్బాయి ఎక్కడ అన్నాడు? అనుభవం ఉందని అరిస్తే సరా?

మద్దిలపాలెం_లత: ఇద్దరూ ఆగండి. రంధ్రం లోతు చూశారా? Blind పెట్టి 6 ఇస్తే, మందం 8 చేసిన రోజు రంధ్రం అవతలికి తేలదు. Through All పెట్టు తమ్ముడూ.

కంచరపాలెం_డిప్లొమా: థాంక్స్ అక్కా. ఫిల్లెట్‌ని ఫీచర్ల చెట్టులో రంధ్రం కిందకి లాగుతుంటే పోవట్లేదు.

గాజువాక_డిజైనర్: రంధ్రం ఇంకా ఆ ఫిల్లెట్ అంచునే పట్టుకుని ఉంది, అందుకే. ముందు ఆ కొలత తీసేసి వెనక ముఖం నుంచి 22 ఇవ్వు, అప్పుడు లాగు.

కంచరపాలెం_డిప్లొమా: వెళ్లింది అన్నా! అవతల మోటారు బేస్ ప్లేటు ఉంది, దాని రంధ్రం ఎక్కడుందో రేపు ల్యాబ్‌లో కొలిచి చెప్తా. మరి Mid Plane?

వెల్డింగ్_సత్తిబాబు: 6 మి.మీ. ప్లేటు వంచే ప్రెస్ గాజువాక వైపు ఎవరికైనా తెలుసా?